ఫోటో చూసి ఇవ్వబోయిన మొక్కలు

"ఎండ ఎటునుంచి వత్తాదో ఈ ఫోటోలో సూపించు. సూపించాక ఆ కుండీలు బండెక్కించు."

"సూపించడానికేవుంది? ముగ్గు కనబడతా లేదా నీకు? ముగ్గెట్టే ఇల్లది. పొద్దున్నే నీళ్ళు జల్లే ఆడమనిషుంది. అలాంటి చోట మల్లి ఎందుకు బతకదు?"

"ముగ్గు తెల్లారగట్ల ఎడతారు. ఎండ మిట్టమజ్జానం కదా మాడుత్తాది!"

"నీ నోటికన్నా ఎక్కువేం మాడ్చదులే" అన్నాడు మా ఆయన. చేతిలో ఉన్న మల్లె కుండీని పికప్ బండి వెనకాల పెట్టి, నావైపు చూడకుండానే ఇంకోటి తేవడానికి వెళ్ళాడు.

బండి నడిపే అతను కరీంనగర్ మనిషి. స్టీరింగ్ మీద గడ్డం ఆనించుకుని మా ఇద్దరినీ వినోదంలా చూస్తున్నాడు. "అక్కా, మీ పంచాది ఖలాస్ అయ్యేదాంక నేను చాయ్ తాగొస్తనా?" అన్నాడు.

"కూచో. నీ చాయ్ ఎక్కడికీ పోదు" అన్నాను.

మాది కడియం వైపు. అక్కడ పుట్టినవాళ్ళకి నడక వచ్చేసరికే చేతిలో మొక్క ఉంటుంది. నేను బడికి మూడో తరగతి దాకా వెళ్ళాను. తరవాత అంట్లు కట్టడం, మట్టి ముద్దలు చుట్టడం, అదే చదువు. షార్జా దాటి ధైద్ వెళ్ళే దారిలో, మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్‌కి ఒక నర్సరీ ఉండేది. మా ఆయన అందులో పని. నేను కఫీల్ ఇంట్లో వంటపని చేసి, గురువారం మధ్యాహ్నం నుంచి నర్సరీలో చెయ్యి వేసేదాన్ని. ఈతాకు తడికల నీడలో మొక్కలు, నూతిలో ఉప్పునీళ్ళు, మంచినీళ్ళకి ట్యాంకరు. అక్కడ ఒక మగ్గు నీళ్ళు పారబోస్తే నేను ఊరుకునేదాన్ని కాదు. చచ్చే మొక్కకి పోసిన నీళ్ళూ పారబోసినట్టే. మా ఆయనతో నా తగువు ఎప్పుడూ అక్కడే మొదలయ్యేది.

ఆ గురువారం ఒకాయన ఒక ఫోటో పట్టుకుని వచ్చాడు. విజయవాడ వైపు మనిషి, ఏదో కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గాని రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. నొక్కగానే కాగితం బయటికి వచ్చే కెమెరాతో, కిందటి సాయంత్రం చీకటి పడ్డాక తీశాడట. షార్జాలో రోలా దగ్గర, ఐదో అంతస్తులో వాళ్ళ ఫ్లాటు. చిన్న బాల్కనీ. మర్నాడు పొద్దున్న ఆయన భార్య ఊరినుంచి వస్తోంది. "ఈ రాత్రికల్లా ఇది మొక్కలతో నిండిపోవాలి బాబాయ్. నేల కనబడకూడదు. అదొక్కటే అడిగింది. లేకపోతే ఆ గుమ్మం ఎక్కనంది. వచ్చిన విమానంలోనే వెనక్కి పోతానంది" అని మా ఆయనతో చెప్పి, నీడలో ఉన్న బల్ల మీద కూలబడ్డాడు.

మా ఆయనకి అంతమాత్రం చాలు. చెయ్యి తిరిగిన మనిషి, జాలిపడ్డ మనిషి. ఆ రెండూ కలిస్తే ఇక ఆగడు. మల్లె, గులాబి, రంగురంగుల క్రోటన్లు, కనకాంబరం, చేతికి ఏది అందితే అది బండి మీదకి చేరుతోంది.

నేను ఫోటో పట్టుకుని నిలబడ్డాను. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఎండ జాడ లేదు. కెమెరా దీపం వెలుగే అంతా. వెనక గోడ మీద ఒక కుర్చీ నీడ పడింది గాని, అది దీపం వేసిన నీడ, సూర్యుడిది కాదు. దాన్నిబట్టి తూర్పు ఎటో పడమర ఎటో ఎవరు చెప్తారు? చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. పిట్టగోడ నడుమెత్తు, గట్టిది. కింద పెట్టిన కుండీకి ఎండ తగలాలంటే అది దాటి రావాలి. పైన ఇంకో బాల్కనీ కప్పులా ఉంది. గోడలోంచి ఏసీ పెట్టె వెనకభాగం బయటికి పొడుచుకొచ్చింది. అంటే గది చల్లబరిచినంత సేపూ ఆ మూల వేడిగాలి కక్కుతుంది. కుళాయి కనబడలేదు. నీళ్ళు పొయ్యాలంటే బకెట్టు పట్టుకుని ఇల్లంతా దాటి రావాలి.

నేల మీద తెల్లటి గీతలు. దీపం వెలుగు పడి సగం చెరిగిపోయినట్టున్నాయి. అడ్డగీతలు, పిట్టగోడ దగ్గర ఒక అర్ధచంద్రం. మా ఇద్దరి కళ్ళకీ అది ముగ్గే. దూరదేశంలో సిమెంటు గోడల మధ్య, ఐదో అంతస్తు మీద ముగ్గు పెట్టే మనిషి ఉందంటే, ఇల్లు కనిపెట్టుకుని చూసుకునే మనిషి అనుకున్నాను. ఎండ సంగతి మీద మా ఆయనతో పోట్లాడాను గాని ముగ్గు సంగతి మీద కాదు.

అయినా ఆ ఫోటోలో ఏదో నాకు సరిపడలేదు. కుర్చీ ఉంది, కూర్చున్నవాళ్ళు లేరు. బట్టల తాడు ఉంది, బట్టలు లేవు. ఎవరో ఇప్పుడే లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చేలోపు తీసిన ఫోటోలా ఉంది. నేను దాన్ని పక్కకి తిప్పితే ఆ అర్ధచంద్రం కూడా నావైపు తిరిగినట్టు అనిపించేది. బొటనవేలితో మూసి పట్టుకున్నాను.

ఫోటో తెచ్చినాయన దగ్గరికి వెళ్ళి అడిగాను. "బాబూ, ఆ బాల్కనీలోకి ఎండ పొద్దున్న వత్తాదా, సాయంత్రం వత్తాదా?"

"తెలీదమ్మా. నేను ఆరున్నరకి వెళ్తే చీకటి పడ్డాకే రావడం."

"మరి శుక్రవారాలు?"

"శుక్రవారాలు ఆ తలుపు తియ్యను."

"కిందటేడు ఎండాకాలం అక్కడ ఏవన్నా మొక్కలుండేవా?"

"లేవు. ఎప్పుడూ పెట్టలేదు."

"అమ్మగారు వచ్చాక రోజూ నీళ్ళు పోత్తారా?"

ఆయన చేతులు చూసుకున్నాడు. "ఇప్పుడు తను ఏం చేస్తుందో, ఏం చెయ్యదో నేను చెప్పలేనమ్మా."

ఎండ తెలీదు, వేడి ఎలా తగులుతుందో తెలీదు, చూసేవాళ్ళకి ఓపిక ఉందో లేదో తెలీదు. ఒక్కటన్నా తెలిస్తే ఏదో ఒకటి చెయ్యొచ్చు. మా ఆయన మాత్రం సాయం చేద్దామని అటునుంచి అరిచాడు. "గన్నేరు ఎట్టేద్దాం బాబూ! ఎండకీ వడగాలికీ దానికి తిరుగులేదు. ఇంట్లో సంటిపిల్లలుంటే మాత్రం వొద్దు. దాని పాలు విషం."

"లేరు" అన్నాడాయన. కొంచెం ఆగి, "ఉండేది. ఒక పాప. ఇప్పుడు లేదు" అన్నాడు.

బండి దగ్గర చప్పుడు ఆగిపోయింది. తడికల్లోంచి గాలి వస్తోంది. ఆ మనిషి మనసు ఇంకోవైపు మళ్ళిద్దామని, "అమ్మగారు ముగ్గు బాగా ఎడతారు బాబూ" అన్నాను.

"ముగ్గా?"

ఫోటో తీసుకుని చాలాసేపు చూశాడు. "అది ముగ్గు కాదమ్మా" అన్నాడు.

నేను బండి దగ్గరికి వెళ్ళి మల్లె కుండీ దింపాను.

"మళ్ళీ ఏటే?" అన్నాడు మా ఆయన. గొంతులో ఇందాకటి వేడి లేదు.

"ముందు ఇల్లు చూద్దాం. అప్పుడు మొక్క."

"చూసి మళ్ళీ ఇక్కడికొచ్చి మళ్ళీ తీసుకెళ్ళేసరికి రాత్రవుద్ది."

"ఎక్కడైనా బతికేవి మూడు పట్టుకెళ్దాం. మిగతావి చూశాక."

మూడు ఏరాను. ఒకటి కలబంద. ఇంకోటి నిలువునా కత్తుల్లా లేచే ఆకుల మొక్క, నీడలో పెట్టినా ఎండలో పెట్టినా నీళ్ళు మరిచిపోయినా ఊరుకుంటుంది. మూడోది కాగితంపూల మొక్క. దానికి మాత్రం ఎండ కావాలి. ఎండ ఉంటే పూస్తుంది, లేకపోతే వెనక్కి తెచ్చుకుంటాం. మూడింటికీ అడుగున పళ్ళేలు కూడా పెట్టుకున్నాను. నీళ్ళు నేల మీద కారితే కింది అంతస్తువాళ్ళు వాచ్‌మన్‌ని పంపుతారని, అప్పటికి అంతే నా ఆలోచన.

ఆయన్ని కూడా బండిలో ఎక్కించుకుని రోలా చేరాం. దిగేటప్పుడు డ్రైవర్, "నేను మీదికి రానక్కా. కుండీలు లిఫ్టు దాంక ఇస్త" అన్నాడు.

ఫ్లాటులో పనిమనిషి తుడిచి వెళ్ళిన వాసన. మేం వెళ్ళేసరికి మసీదులో సాయంత్రం నమాజుకి అసర్ బాంగు వినబడుతోంది. ఆయన బాల్కనీ తలుపు దగ్గరికి వెళ్ళి పిడి పట్టుకుని ఆగాడు. తలుపు పక్కన గోడకి చేర్చి చిన్న చెప్పుల జత ఉంది. ఒకదాని పట్టీ పెట్టి ఉంది, ఒకదానిది విప్పి ఉంది.

"మీరు ఉండండి బాబూ. నేను తీత్తాను" అన్నాను.

మందపాటి తెర జరిపి అద్దం తలుపు తియ్యగానే ఎండ మొహం మీద కొట్టింది. పడమర. అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు అలా దొరికింది. సాయంత్రపు ఎండ పిట్టగోడ దాటి లోపలి గోడకి అంటుకుంది. గోడ మీద చెయ్యి పెడితే పెనంలా ఉంది. ఇది ఇంకా ఏప్రిల్. జూన్‌లో, జూలైలో ఈ గోడ రాత్రి కూడా చల్లారదు. దానికి తోడు ఏసీ వేడిగాలి. మల్లెకి ఎండ ఇష్టమే గాని, చిన్న కుండీలో ఈ వేడికి పొద్దున్నా సాయంత్రం నీళ్ళు అడుగుతుంది. క్రోటన్లు, కనకాంబరం అయితే వారం తిరక్కుండా అంచులు మాడి రాలిపోతాయి.

అప్పుడు కిందికి చూశాను.

సుద్దముక్కతో గీసిన తొక్కుడుబిళ్ళ గళ్ళు. ఒంటిగడి, జంటగడి, మళ్ళీ ఒంటిగడి, పిట్టగోడ దగ్గర అర్ధచంద్రం. గీతలు తిన్నగా లేవు. చిన్న చెయ్యి గీసినవి. పక్కన ఒక పువ్వో, సూర్యుడో వేసింది. చివరి జంటగడిలో బిళ్ళ పడి ఉంది. పగిలిన గచ్చు టైలు ముక్క. ఆట సగంలో ఉంది.

ఫోటో తియ్యడానికి తప్ప రెండు నెలలుగా ఆ తలుపు తియ్యలేదట. గోడలు, పైకప్పు ఉండడంతో వాన పడలేదు. సన్నటి ఇసుక మాత్రం ఒక పొరలా పేరుకుంది. ఆ పొర కింద సుద్ద అలాగే ఉంది. ఫోటోలో మేం చూసింది ఇదీ. నీళ్ళు జల్లే ఇల్లనుకున్నాం. ఒక్క చుక్క నీరు పడని నేల కాబట్టే ఆ గీతలు ఉన్నాయి.

"జ్వరమని తీసుకెళ్ళాం. తలకెక్కింది. మూడు రోజులు" అన్నాడాయన గది లోపలినుంచే. "వస్తాను, బిళ్ళ తియ్యద్దు అని చెప్పి వెళ్ళింది."

మా ఆయన తలుపు చట్రం పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆవిడ నేల కనబడకూడదంది. కడిగేద్దామని నాలుగుసార్లు బకెట్టు పట్టుకున్నానమ్మా. నా వల్ల కాలేదు. మొక్కలతో కప్పేస్తే, కప్పినట్టూ ఉంటుంది, ఉన్నదీ ఉంటుంది అనుకున్నాను."

మనిషి అలా అనుకోవడంలో తప్పేముంది? కానీ కుండీకి అడుగున చిల్లు ఉంటుంది. అది లేకపోతే వేరు కుళ్ళుతుంది, ఉంటే నీరు కారుతుంది. మొక్కలతో ఈ నేలంతా కప్పితే, రోజూ రెండుపూటలా నీళ్ళు పోస్తే, ఆ సుద్ద వారంలో బురద. నీళ్ళు పొయ్యకపోతే ఈ పడమటి ఎండకి మొక్కలు చస్తాయి. అప్పుడు ఆ తల్లి ఎండిన కుండీలు ఒక్కొక్కటే ఎత్తి పారేస్తూ, ఒక్కొక్క దాని కింద చెరిగిన గడి చూడాలి.

ఇదంతా ఆయనకి చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఎలా ఉందో అలా చెప్పాను.

"అయితే ఏం చెయ్యమంటారు?"

"ఈ మూడే. పక్కగోడ వారన, ఏసీ గాలి తగలని వైపు. పళ్ళెంలో కారిన నీళ్ళు అక్కడే ఆగుతాయి. కలబందకీ ఆకుల మొక్కకీ ఏసీ నడిచే రోజుల్లో కూడా వారానికోసారి చాలు. కాగితంపూలకి మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే. మూడూ నిలబడితే ఇంకోటి ఆలోచిద్దాం. అమ్మగారు ఎలా ఉంటారో చూశాక."

"నేల కనబడుతుంది."

"కనబడుద్ది బాబూ."

"వెళ్ళిపోతుందమ్మా తను."

"మొక్కలడ్డెట్టి మనిషిని ఎన్నాళ్ళు ఆపుతారు?" అన్నాను. ఆ మాట అన్నాక ఆయన గదిలోని కుర్చీలో కూర్చుని మొహం కప్పుకున్నాడు. మా ఆయన నావైపు కోపంగా చూశాడు. ఆ చూపు న్యాయమైనదే.

కుండీలు అటు గోడ దగ్గరికి చేర్చాలంటే గళ్ళు దాటాలి, వారన నాలాంటి లావుపాటి మనిషి పట్టేంత చోటు లేదు. కలబంద కుండీ చంకలో పెట్టుకుని, గీత మీద అడుగు పడకుండా కాలు ఎత్తాను. ఒంటికాలి మీద నిలబడ్డాను. జంటగడి దగ్గర రెండు కాళ్ళూ దించాను. మళ్ళీ ఒంటికాలు. మోకాళ్ళు పట్టేసిన మనిషినే గాని, చిన్నప్పుడు ఆడిన ఆట కాళ్ళు మరిచిపోలేదు. బిళ్ళ ఉన్న గడి రాగానే దాన్ని తొక్కకుండా గెంతాను. వెనక ఎవరో నవ్వినట్టయింది. తిరిగి చూస్తే మా ఆయన మొహం రాయిలా ఉంది. ఆ ఇంటాయన తల వంచుకునే ఉన్నాడు. గది ఏసీ గురగురమంటోంది. అదే అయి ఉంటుంది. కుండీ గోడ వారన దించి, మిగతా రెండూ కూడా అలాగే మోశాను. మా ఆయన్ని రానివ్వలేదు. ఆయన పాదం పెద్దది.

కడపటి కుండీ పెట్టేసరికి ఎండ పిట్టగోడ మీదికి జారింది. గీతలు ఎర్రబడ్డాయి. నేను ఒక్కదాన్నే ఉన్నానని అనిపించలేదు. గబగబా తలుపు వేసి గడియ పెట్టాను.

"రేపు పొద్దున్న మీరు రాగలరా అమ్మా? ఆడమనిషి ఒకరు ఉంటే..." అన్నాడు ఆయన.

శుక్రవారం కఫీల్ ఇంట్లో వంట ఎక్కువ. అయినా ఆ ఇంటి పెద్దావిడని అడిగి వస్తానన్నాను. తిరుగుదారిలో డ్రైవర్, "ఏమాయె అక్కా?" అని అడిగాడు. మా ఆయనే చెప్పాడు. విని, "నా బిడ్డకు గూడ తొక్కుడుబిళ్ళంటే పానం. నేను దుబాయ్ అచ్చినంక పెద్దగయింది" అన్నాడు. ఆ రాత్రి మా ఆయన బండి మీద మిగిలిపోయిన మల్లె కుండీల్ని ఒక్కొక్కటే తడిక కిందికి చేర్చి నీళ్ళు పోశాడు. మగ్గులు నేనే నింపి ఇచ్చాను.

మర్నాడు పొద్దున్న ఆవిడ వచ్చింది. నాకంటే అడుగు ఎత్తు, బాగా చిక్కిపోయి ఉంది. పెట్టె గుమ్మం దగ్గరే వదిలి, నన్ను ఎవరని కూడా అడక్కుండా తిన్నగా వెళ్ళి బాల్కనీ తలుపు తీసింది. నేల చూసింది. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"కప్పమన్నాను కదా" అంది.

నేను చెప్పాను. "నేనే వద్దన్నానమ్మా. నీళ్ళు కారితే చెరిగిపోద్ది."

ఆవిడ నావైపు చూసింది. "ఎవరైనా తొక్కారా?"

"లేదమ్మా. దాటాను."

ఆవిడ చెప్పులు విప్పి, గోడ వారనే నడిచి వెళ్ళి కలబంద కుండీ ఎత్తుకొచ్చింది. తరవాత ఆకుల మొక్క. రెండూ పళ్ళేలతో సహా గదిలో అద్దం తలుపు పక్కన పెట్టింది. కాగితంపూల కుండీకి చెయ్యి వేసేసరికి, అది లోపల నిలబడదని, ఎండ లేకపోతే పూత రాదని చెప్పాను. "అయితే మీరు తీసుకెళ్ళండి" అంది. దాన్ని నేను తెచ్చాక తలుపు మూసి గడియ పెట్టింది.

"వీటికి నీళ్ళు ఎన్నాళ్ళకి?"

"లోపల కాబట్టి పదిహేను రోజులకోసారి చాలు. మట్టి ఎండితేనే."

"సరే" అంది. గుమ్మం దగ్గరికి వెళ్ళి పెట్టె లోపలికి తెచ్చుకుంది.

నేను కాగితంపూల కుండీ పట్టుకుని లిఫ్టులో కిందికి దిగాను.